యాభై వేలు అంటే యాభై వేలేనా?

మా బావకి పీణ్యలో చిన్న కార్టన్ యూనిట్ ఉంది. ఒక ఆఫ్‌సెట్ మెషీన్, ఒక పంచింగ్ మెషీన్, ఒక పేస్టింగ్ లైన్, పద్నాలుగు మంది పనివాళ్లు. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది. నేను ఇక్కడే సివిల్ కోర్టులో వకీలుని. పండక్కీ పబ్బానికీ కలుస్తాం గానీ, పనిమీద నా ఆఫీసుకి వచ్చాడంటే ఆయన చేతిలో ఏదో కాగితం ఉన్నట్టే.

ఈసారి రెండు కాగితాలు. ఒకటి పర్చేజ్ ఆర్డరు: ఒక అగరుబత్తీల కంపెనీకి యాభై వేల కార్టన్లు, ఒక్కోటి మూడు రూపాయల ఇరవై పైసలు. రెండోది ఆ కంపెనీ పంపిన మెయిల్ ప్రింటవుట్. సరుకు అందిన రెండో రోజు వచ్చింది. "మీరు పంపినవి 47,800 మాత్రమే. ఆర్డరు ప్రకారం లేదు కాబట్టి మొత్తం లోడు తిరస్కరిస్తున్నాం, వచ్చి తీసుకెళ్లండి" అని సారాంశం.

రెండు వేల రెండు వందల పెట్టెలు తగ్గినందుకు లక్షా యాభై రెండు వేల తొమ్మిది వందల అరవై రూపాయల సరుకు వెనక్కి. దాన్ని ఇంకెవరికీ అమ్మలేడు, ప్రతి పెట్టె మీదా వాళ్ల పేరు అచ్చయి ఉంది. తుక్కుకి వెయ్యాల్సిందే.

"మా లైన్లో ఎక్కడైనా అంతేనప్పా. ఐదు శాతం, పది శాతం అటూ ఇటూ అయితాది. ఇంత చిన్నదానికి కోర్టేంది, వాళ్లకి తెలీదా?" అన్నాడు బావ.

నేను చెప్పాలనుకున్నదంతా ఆ "మా లైన్లో అంతే" అనే మాట గురించే. వ్యాపారంలో ఉన్నవాళ్లు దాన్ని చట్టం కంటే గట్టిగా నమ్ముతారు. చట్టం కూడా ఆ మాటని కొట్టిపారేయదు. కానీ నా అనుభవంలో, కాగితం మీద రాయని విషయంలో మనల్ని కాపాడేది మార్కెట్ మామూలు కాదు, ఆ ఒక్క పార్టీతో మన పాత బిల్లులు. బావ మొదటిదాన్ని పట్టుకుని వచ్చాడు. రెండోది ఆయన ట్యాలీలో పడి ఉంది.

ముందు అసలు పెట్టెలు ఎందుకు తగ్గాయో చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఈ కార్టన్లు ఒక షీటుకి పన్నెండు పడతాయి. యాభై వేలకి 4,167 షీట్లు చాలు. కానీ మెషీన్ ఎక్కించగానే మొదటి షీట్లు రంగు కుదిరేదాకా పాడవుతాయి. వార్నిష్‌లో కొన్ని, పంచింగ్‌లో కొన్ని, జిగురు దగ్గర కొన్ని పోతాయి. అందుకని బావ 4,300 షీట్లు వేశాడు, అంటే అన్నీ బాగుంటే 51,600 పెట్టెలు రావాలి. ఆ రోజు మెరూన్ రంగు మధ్యలో పలచబడింది. ఆపరేటర్ చూసుకునేసరికి ఆలస్యమైంది. ఏరి పక్కన పడేశాక మిగిలినవి 47,800. తగ్గిన 2,200 కోసం మళ్లీ ప్లేట్లు ఎక్కించి, మళ్లీ రంగు కుదిర్చి నడిపితే ఆ చిన్న ముక్కకి అయ్యే ఖర్చు దాని ధర కంటే ఎక్కువ. అందుకే ప్రింటింగ్ వాళ్లు ఎవరైనా వచ్చినన్ని పంపి, వచ్చినన్నిటికే బిల్లు వేస్తారు.

ఇప్పుడు చట్టం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 37వ సెక్షను మొదట బావకి వ్యతిరేకంగానే మాట్లాడుతుంది. ఒప్పుకున్నదానికంటే తక్కువ పంపితే కొన్నవాడు మొత్తం తిప్పికొట్టవచ్చు. ఉంచుకుంటే మాత్రం ఒప్పుకున్న రేటుకి డబ్బు కట్టాలి. కంపెనీ మెయిల్ రాసినవాడెవడో ఈ ముక్క చదివే రాశాడు. కానీ అదే సెక్షను చివర్లో నాలుగో ఉపసెక్షను ఒకటుంది. పైన చెప్పిందంతా వ్యాపార ఆనవాయితీకీ, ప్రత్యేక ఒప్పందానికీ, ఆ ఇద్దరి మధ్య లావాదేవీలు నడిచిన తీరుకీ లోబడి ఉంటుందని దాని అర్థం. అంటే రాయని మాటకి చట్టమే తలుపు తీసి పెట్టింది. లోపలికి ఏ దారిన వెళ్లాలన్నదే ప్రశ్న.

మొదట నాకు తోచిన దారి వేరు. "ఈ పనిలో కచ్చితంగా అంతే సంఖ్య రావడం కుదరదు, కాబట్టి కొంత ఎక్కువ తక్కువ ఉండొచ్చనే షరతు ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే" అని వాదించడం. కోర్టులు ఇలా షరతుల్ని లోపల ఉన్నట్టు చదవడం ఉంది. 1889లో ఇంగ్లండులో మూర్‌కాక్ అనే ఓడ కేసు దీనికి పాత ఉదాహరణ. థేమ్స్ నది ఒడ్డున రేవు వాళ్లు ఓడని అక్కడ నిలిపి సరుకు దించుకోనిచ్చారు. ఆటుపోటుకి నీరు తగ్గగానే ఓడ అడుగు గట్టినేలకి తగిలి దెబ్బతింది. అడుగున నేల ఓడకి సురక్షితమని ఒప్పందంలో ఎవరూ రాయలేదు. అయినా, నీరు తగ్గినప్పుడు ఓడ నేలమీద కూర్చుంటుందని ఇద్దరికీ తెలిసినప్పుడు, ఆ నేల ఎలా ఉందో చూసుకునే బాధ్యత రేవు వాళ్లదేనని కోర్టు చదివింది. ఆ మాట లేకపోతే ఒప్పందానికే అర్థం ఉండదు.

మన సుప్రీంకోర్టు కూడా నాభా పవర్ కేసులో ఇలాంటి షరతుకి కొలతలు చెప్పింది. అది న్యాయంగా ఉండాలి, ఒప్పందం నడవడానికి అవసరం కావాలి, చెప్పక్కర్లేనంత స్పష్టం కావాలి, స్పష్టంగా మాటల్లో చెప్పగలిగేదై ఉండాలి, రాసిన షరతుకి ఎదురు తిరగకూడదు. బావ కేసు రెండో కొలత దగ్గరే ఆగిపోయింది. కంపెనీ వకీలు ఒక్క మాట అడిగితే చాలు: "ఇంకో రెండు వందల షీట్లు ఎక్కువ వేసుంటే యాభై వేలు వచ్చేవి కదా?" వచ్చేవి. ఖర్చు పెరుగుతుందంతే. ఒకడికి కష్టమైనంత మాత్రాన అది ఒప్పందానికి అవసరం అయిపోదు. మా జూనియర్ అబ్బాయి దీన్ని పట్టుకుని రెండు పేజీలు రాసుకొచ్చాడు పాపం. పక్కన పెట్టించాను.

రెండోది బావకి ఇష్టమైన దారి, వ్యాపార ఆనవాయితీ. దీనికి కావలసినంత బలం ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం మొదటి సెక్షనులోనే, ఈ చట్టానికి విరుద్ధం కాని వ్యాపార ఆనవాయితీల జోలికి పోమని రాసుకున్నారు. రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు బయటి మాటలు చెప్పనివ్వని సాక్ష్యం చట్టం కూడా ఆనవాయితీకి మినహాయింపు ఇస్తుంది. పాత చట్టంలో 92వ సెక్షను కింద ఉన్న ఆ మినహాయింపు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 95వ సెక్షను కిందికి వచ్చింది. అంకె సైతం దీనికి అతీతం కాదు. 1832లో ఇంగ్లండులో కుందేళ్ల కేసు ఒకటి నడిచింది. కౌలు పత్రంలో కుందేళ్లకి వెయ్యికి ఇంత అని రేటు రాసుకున్నారు. ఆ ప్రాంతంలో కుందేళ్ల లెక్కలో వెయ్యి అంటే పన్నెండు వందలని సాక్ష్యం తెస్తే కోర్టు ఒప్పుకుంది. బావకి ఈ కథ చెప్పగానే మొహం వెలిగిపోయింది. "మరి నా యాభై వేలు నలభై ఏడు వేల ఎనిమిది వందలు ఎందుకు కాకూడదు?"

ఎందుకు కాదో ఆయన ఫోనే చెప్పింది. నా ముందే స్పీకర్ పెట్టి నలుగురు ప్రింటర్లకి ఫోన్ చెయ్యమన్నాను. రాజాజీనగర్‌లో ఒకాయన పది శాతం అన్నాడు. కామాక్షిపాళ్యలో ఒకాయన ఐదు. మూడో ఆయన "పార్టీని బట్టి సార్, ఫార్మా వాళ్లయితే ఒక్కటి తగ్గినా ఒప్పుకోరు" అన్నాడు. నాలుగో ఆయన శివకాశి, పెద్ద ఆర్డర్లకి మూడు దాటదన్నాడు. నాలుగు ఫోన్లకి నాలుగు సమాధానాలు. ఆనవాయితీ అనేది కోర్టులో నిలవాలంటే ఆ వ్యాపారంలో అందరికీ తెలిసి, ఒకే రకంగా, కచ్చితంగా ఉండాలి. ఎక్కువ తక్కువ ఉంటుందన్నది అందరూ ఒప్పుకున్నారు, ఎంత అన్నదగ్గర విడిపోయారు. కేసు నడిచేది ఎంత అన్నదాని మీదే. పైగా ఇది ప్రింటర్ల ఆనవాయితీ. కొన్నది అగరుబత్తీల కంపెనీ. ఆనవాయితీ ఇద్దరినీ కట్టిపడేసేదై ఉండాలని సరుకుల అమ్మకం చట్టం 62వ సెక్షనులో ఉంది. మన కులవృత్తిలో అంతే అని ఎదుటివాడికి చెప్పి లాభం లేదు, వాడూ ఆ ఊరివాడే అయి ఉండాలి.

ఆనవాయితీకి ఇంకో హద్దు కూడా ఉంది. ఇదే బావ "మార్కెట్లో తొంభై రోజుల క్రెడిట్ మామూలు" అని ఏళ్ల తరబడి నోరు మూసుకున్నాడు. ఆయన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం అలాంటివాళ్లకి, రాసుకున్నా సరే, నలభై ఐదు రోజులు దాటించి డబ్బు ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. చట్టం గీసిన గీతని ఊరంతా దాటినా అది ఆనవాయితీ అయిపోదు. అన్నట్టు, మన భాషలో "మామూలు" అనే మాటకి ఉన్న రెండో అర్థం అందరికీ తెలిసిందే. అది ఊరికే రాలేదనిపిస్తుంది.

ఇక మూడో దారి. "ఈ కంపెనీతో ఎన్నేళ్లుగా చేస్తున్నావు బావా?" అని అడిగాను. నాలుగేళ్లట. ఎన్ని ఆర్డర్లు అంటే తెలీదన్నాడు. మర్నాడు బావ దగ్గర పనిచేసే అకౌంట్స్ అమ్మాయి ట్యాలీ లోంచి తీసి ఇచ్చింది: ఇది కాక ఇరవై ఏడు.

ఒక ఆదివారం కూర్చుని వాటిని ఒక షీటులో వేశాం. ఆర్డరు సంఖ్య, డెలివరీ చలానులో సంఖ్య, బిల్లులో సంఖ్య, బ్యాంకులో పడిన డబ్బు, నాలుగు గళ్లు. మూడు ఆర్డర్లకి కాగితమే లేదు, వాట్సాప్‌లో "పంపండి" అన్న మాట మాత్రం ఉంది. అందులో ఒకటి బావ పాత ఫోనుతో పాటు పోయింది. మిగతా రెండిటికీ కోర్టులో పెట్టాలంటే ఎలక్ట్రానిక్ రికార్డుకి కావలసిన సర్టిఫికెట్ జత చెయ్యాలి. ఆ తలనొప్పి వద్దని ఆ మూడూ తీసేశాం. మిగిలిన ఇరవై నాలుగులో ఇద్దరి లెక్కా సరిగ్గా కలిసింది రెండు సార్లే. ఎనిమిది సార్లు తగ్గింది, ఎక్కువలో ఎక్కువ నాలుగూ ముక్కాలు శాతం. పద్నాలుగు సార్లు ఎక్కువ వచ్చింది. తగ్గినప్పుడు వాళ్లు అడగలేదు. ఎక్కువైనప్పుడూ, ఒక్కసారి తప్ప, తీసుకుని ఎక్కువకి డబ్బు కట్టారు.

ఇక్కడితో కేసు గెలిచినట్టే అని బావ లేచాడు. కూర్చోమన్నాను. ఎందుకంటే కంపెనీ ఏం చెప్తుందో నాకు తెలుసు: "మేం మంచితనానికి పోయి ఇన్నాళ్లూ సర్దుకున్నాం. ఈసారి సర్దుకోం." ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. పదిసార్లు దయ చూపినంత మాత్రాన పదకొండోసారి దయ చూపాల్సిన బాధ్యత ఎవరికీ రాదు. కూరగాయలమ్మి రోజూ నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తుంది. ఒకరోజు వెయ్యకపోతే ఆమె మీద కేసు వేస్తామా? కొసరు కొసరే. తూకం వేరు.

కాబట్టి నేను తేల్చాల్సిందల్లా ఒక్కటే, ఈ ఎక్కువ తక్కువలు వాళ్లు వేసిన కొసరా, ఇద్దరూ ఒప్పుకున్న తూకమా? దాన్ని చూడటానికి నేను వాడే గుర్తు ఒకటుంది. కొసరు అడిగితే గానీ రాదు. "ఈసారికి సర్దుకోండి సార్" అనే మెయిల్ ఒక్కటున్నా బావ మునిగిపోయేవాడు. నాలుగేళ్ల మెయిళ్లు వెతికితే అలాంటిది లేదు. తగ్గిన ఎనిమిది సార్లూ ఎవరూ ఎవరినీ అడగలేదు. చలానులో ఎంత ఉందో అంతకే బిల్లు, బిల్లుకి అంతే డబ్బు. అయినా మౌనానికి రెండు అర్థాలు తీయొచ్చు కాబట్టి నా మనసు కుదుటపడలేదు.

కుదుటపరిచింది బావ మర్చిపోవాలనుకున్న ఒక పాత గొడవ. రెండేళ్ల కిందట ఒక ఆర్డరుకి ముప్పై వేలు అడిగితే 32,100 పంపాడు, ఏడు శాతం ఎక్కువ. అప్పటి పర్చేజ్ మేనేజరు మెయిల్ పెట్టాడు: మనం ఎప్పుడూ అనుకునే ఐదు శాతం దాటింది, 31,500 వరకే తీసుకుంటాం, మిగతా ఆరు వందలు వెనక్కి తీసుకెళ్లండి. బావ అప్పుడు మండిపడి, ఆరు వందల పెట్టెలూ తెచ్చుకుని తుక్కులో వేశాడు. ఆ మెయిల్ చూపించడానికి ఇష్టపడలేదు కూడా, ఓడిపోయిన గొడవ కదా.

నాకది లాటరీ తగిలినట్టైంది. దయ అయితే దానికి గీత ఉండదు, గీత ఉంటే అది షరతు. "మనం" అన్నది వాళ్లు, "ఎప్పుడూ" అన్నది వాళ్లు, ఐదు అనే అంకె చెప్పిందీ వాళ్లే. మార్కెట్లో నలుగురు నాలుగు రకాలుగా చెప్పిన అంకెని ఈ ఇద్దరూ తమ మధ్య ఐదు దగ్గర కట్టేసుకున్నారు. ఇప్పుడు తగ్గింది నాలుగు పాయింట్ నాలుగు శాతం. ఆ మేనేజరు తర్వాత ఉద్యోగం మానేసి వెళ్లిపోయినా, రాసింది కంపెనీ తరఫునే.

నిలకడ లేని లావాదేవీలు ఎలా బెడిసికొడతాయో చెప్పడానికి వకీళ్లు ఎత్తే కేసు 1964 నాటిది. స్కాట్లండులో ఒకాయన తన కారుని ఫెర్రీలో పంపాడు, ఫెర్రీ సిబ్బంది తప్పుతో మునిగింది, కారు పోయింది. మా బాధ్యత లేదని రాసున్న కాగితం మీద ఇంతకుముందు మీరు సంతకాలు పెట్టేవారుగా అని కంపెనీ వాదించింది. కొన్నిసార్లు పెట్టించుకునేవాళ్లు, కొన్నిసార్లు మర్చిపోయేవాళ్లు, ఈసారి మర్చిపోయారు. ఒకే తీరు లేనప్పుడు పాత తీరు అని చెప్పుకోవడానికేం లేదని, అప్పట్లో అక్కడ పై కోర్టుగా ఉన్న ప్రభువుల సభ కంపెనీని ఓడించింది. సరదా ఏమిటంటే కారుని రేవుకి తీసుకెళ్లి ఎక్కించింది ఆయన బావమరిది. బావకి ఈ ముక్క చెప్తే, "చూసినావా, బామ్మర్దిని నమ్ముకుంటే అట్లనే అయితాది" అన్నాడు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇంకోటి. ఈ ఇరవై ఎనిమిదో ఆర్డరు వెనక పేజీలో సన్న అక్షరాల్లో షరతులున్నాయి. ఇంతకుముందు వాటిలో లేవు, కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక వచ్చి చేరాయి. అందులో ఒకటి: ఈ ఆర్డరే ఇరువురి మధ్య పూర్తి ఒప్పందం, ఇంతకుముందు మాటలేవీ చెల్లవు. బావ వెనక్కి తిప్పి చూడలేదు. నా వాదన ఏమిటంటే, ఆ షరతు పాత వాగ్దానాలని ఆపుతుంది గానీ, యాభై వేలు అని రాసిన అంకెని ఈ ఇద్దరూ ఎలా చదివేవాళ్లో చూడొద్దనలేదు. రాయని విషయంలో లావాదేవీల తీరు చూడమన్నది 37వ సెక్షను, పాత మాట కాదు. వాదన నిలుస్తుందనే నా నమ్మకం. కానీ ఎదుటివైపు ఉంటే నేనూ ఆ సన్న అక్షరాల్నే పట్టుకుని కూర్చునేవాణ్ని. అక్కడ "సంఖ్యలో ఎక్కువ తక్కువలు ఒప్పుకోము" అనే ఒక్క వాక్యం ఉండి ఉంటే మాత్రం ఇరవై నాలుగు వరుసల షీటూ, ఐదు శాతం మెయిలూ అన్నీ చెత్తబుట్టకే. రాసిన షరతుకి ఎదురు నిలబడే శక్తి ఆనవాయితీకీ లేదు, అలవాటుకీ లేదు.

నోటీసులో కుందేళ్లూ ఓడా ఏమీ రాయలేదు. 37(4), ఇరవై నాలుగు వరుసల పట్టిక, ఆ పాత మెయిల్ నకలు, అంతే. పదహారు రోజులకి వాళ్ల వకీలు ఫోన్ చేశాడు. మాటల మధ్య తెలిసింది, ఇంకో ప్రింటరు రెండు రూపాయల ఎనభై ఐదు పైసలకి ఇస్తానన్నాడట, దాని కోసమే ఈ లెక్కలన్నీ. చివరికి 47,800 పెట్టెలూ ఉంచుకున్నారు, 1,52,960 కట్టారు. వడ్డీ అడగలేదు. అడుగుదామని నేనన్నాను, పార్టీ పోతుందని బావ వద్దన్నాడు.

పార్టీ పోలేదు. రెండు నెలలకి మళ్లీ ఆర్డరు వచ్చింది. ఈసారి వెనక పేజీలో కాదు, ముందు పేజీలోనే, సంఖ్య కిందనే కొత్త వరుస ఒకటి: హెచ్చుతగ్గులు సున్నా శాతం. సంతకం పెట్టే ముందు బావ ఫోన్ చేశాడు.

"పెట్టొచ్చా?"

"పెడితే యాభై వేలంటే యాభై వేలే బావా. ఈసారి పాత బిల్లులు పనికిరావు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక కాలిక్యులేటర్ చప్పుడు వినపడుతోంది. సున్నా శాతానికి ఎన్ని షీట్లు ఎక్కువ వెయ్యాలో, రంగు చెడితే ఎంత మిగులు ఉంచుకోవాలో లెక్క వేస్తున్నట్టున్నాడు. సాయంత్రానికి ఒక్కోటి మూడు రూపాయల నలభై ఐదు పైసలకి కొటేషన్ పంపాడు.